ముందు టేపు, తర్వాతే ఫోటో

బుచ్చిరెడ్డిపాలెంలో కుర్తీలు అమ్మే చిన్న దుకాణాన్ని తీసుకుందాం. ముంబై రోడ్డు మీద గది, చుట్టుపక్కల పల్లెల నుంచి వాట్సాప్‌లో బేరాలు. అక్కడికి వచ్చే ప్రశ్నలు రెండే. "అక్కా, ఇది నాకు మోకాళ్లు దాటుతాదా?" అన్నది ఒకటి. "చంకల దగ్గర పట్టేస్తాదా, లూజుగా ఉంటాదా?" అన్నది రెండోది. రంగు సంగతి ఎవరూ పెద్దగా అడగరు, అది ఫోటోలో కనిపిస్తూనే ఉంటుంది. తెలియనిదల్లా ఆ గుడ్డ ఒంటి మీద ఎక్కడిదాకా వస్తుంది, ఎలా పడుతుంది అన్నదే.

కుర్తీ ఫోటో ఒకటి, మోడల్ ఫోటో ఒకటి ఇస్తే, కుర్తీని మోడల్‌కు తొడిగి చూపించే వర్చువల్ ట్రై-ఆన్ పరికరాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. బొమ్మ అరనిమిషంలో వచ్చేస్తుంది, అందంగానూ ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, కొనేవాళ్లు అడిగే ఆ రెండు ప్రశ్నలకూ అది ఇచ్చే జవాబు ఊహ మాత్రమే. సైజు దానికి తెలియదు. ఎస్ సైజు కుర్తీనీ, డబుల్ ఎక్సెల్ కుర్తీనీ విడివిడిగా నేల మీద పరిచి ఫ్రేము నిండా ఫోటో తీసి ఇవ్వండి. రెండూ దానికి ఒకే కుర్తీ. రెండింటినీ ఒకే మోడల్‌కు అతికినట్టు తొడిగేస్తుంది. సైజును మనమే దానికి అందించాలి. ఎక్కడ అందించాలో తెలియాలంటే అది పనిచేసే తీరు కొంచెం తెలియాలి.

పరికరం ముందు మోడల్ ఫోటోలో చేతులు, భుజాలు, నడుము ఎక్కడున్నాయో గుర్తిస్తుంది. తర్వాత ఆమె వేసుకున్న పాత బట్ట ఉన్న మేరను చెరిపేస్తుంది. ఆ ఖాళీని మాస్క్ అంటారు. కొత్త గుడ్డ ఫోటోను చూస్తూ, ఆ ఖాళీలో ఏముంటే నిజంగా ఉన్నట్టు అనిపిస్తుందో దాన్ని నింపుతుంది. అంతే దాని పని. కాబట్టి ఖాళీ ఎంత ఉంటే గుడ్డ అంత. మోడల్ నడుము దాకా ఉన్న టాప్ వేసుకుని నిలబడితే మాస్క్ నడుము దగ్గరే ఆగుతుంది, మీ 44 అంగుళాల కుర్తీ కూడా అక్కడే తెగిపోతుంది. ఆమె వదులు చొక్కాతో నిలబడితే, ఒంటికి పట్టుండే కుర్తీ కూడా వదులుగా వస్తుంది. పొడవు బట్టలకు కొన్ని పరికరాలు మాస్క్‌ను మోకాళ్ల దాకా తామే పరుస్తాయి. ఆ మోకాళ్ల లెక్క మీ కుర్తీది కాదు.

మాస్క్‌ను చేత్తో గీసుకునే వీలు చాలా పరికరాల్లో ఉంటుంది. ఎక్కువమంది దాన్ని ముట్టుకోరు. మన టేపు లోపలికి వెళ్లే దారి మాత్రం అదొక్కటే.

మోడల్ ఫోటోతో మొదలుపెట్టండి. దీన్ని ఒకసారి జాగ్రత్తగా తీసుకుంటే చాలా సరుకుకు పనికొస్తుంది. మోడల్‌గా నిలబడేది షాపులో పనిచేసే అమ్మాయైనా సరే, ఒంటికి పట్టుండే టీషర్టు, లెగ్గిన్ వేసుకోవాలి. చెప్పులు వద్దు. చేతులు ఒంటికి ఆనించకుండా కొంచెం ఎడంగా పెట్టాలి, లేకపోతే చంక గీత కనపడదు. జడ వెనక్కి వేసుకోవాలి. ముందుకు వేసిన జడను పరికరం కొత్త గుడ్డ మీద మళ్లీ గీయబోయి పాడుచేస్తుంది. పక్కనే, సరిగ్గా ఆమె మడమల వరసలో, అడుగుకో గుర్తు పెట్టిన కర్రను నిటారుగా నిలబెట్టండి. గోడ మీద గుర్తులు పెడితే సరిపోదు. గోడ ఆమెకన్నా వెనక ఉంటుంది కాబట్టి ఆ గుర్తులు చిన్నగా పడి లెక్క తప్పుతుంది.

ఫోన్ పట్టుకునేవాళ్లు కనీసం పది పన్నెండు అడుగుల దూరంలో ఉండాలి. ఫోన్‌ను మోడల్ నడుము ఎత్తులో, వాలకుండా పట్టుకోవాలి. మామూలుగా మనం నిలబడి కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తాం. అప్పుడు తల పెద్దగా, కాళ్లు పొట్టిగా పడతాయి. వాలిందో లేదో కర్రే చెబుతుంది. ఫోటోలో కింది అడుగు ఎన్ని పిక్సెళ్లుందో, పై అడుగు ఎన్ని పిక్సెళ్లుందో కొలవండి. జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలిచే పనిముట్టు ఉంటుంది. రెండూ దాదాపు సమానంగా ఉంటే ఫోటో పనికొస్తుంది. పై అడుగు 190, కింది అడుగు 170 వస్తే మళ్లీ తీయండి.

ఇప్పుడు లెక్క. మోడల్ ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, అంటే 64 అంగుళాలు అనుకుందాం. ఇలాంటి పరికరాలకు ఎక్కువగా ఇచ్చే ఫోటో కొలత 768 పిక్సెళ్ల వెడల్పు, 1024 ఎత్తు. అందులో ఆమె నడినెత్తి నుంచి మడమ దాకా 960 పిక్సెళ్లుంటే, అంగుళానికి 15 పిక్సెళ్లు. ఇక్కడి నుంచి టేపు చూపించే ప్రతి అంగుళాన్నీ 15తో గుణిస్తే అది ఫోటోలోకి వచ్చేస్తుంది.

మెడ భుజాన్ని కలిసే చోటు నుంచి నేలకు టేపు పెట్టండి. ఆమెకు అది 54 అంగుళాలు వచ్చిందనుకుందాం. కుర్తీ పొడవు కూడా అదే చోటు నుంచి కొలవాలి. ఎల్ సైజు కుర్తీ, పొడవు 44. నేరుగా తీసేస్తే అంచు నేలకు 10 అంగుళాల ఎత్తులో ఉండాలి. గుడ్డ మాత్రం మెడ నుంచి తిన్నగా కిందికి రాదు, రొమ్ము మీదుగా వంపు తిరిగి వస్తుంది. ఆ వంపు ఈమెకు ఒక అంగుళం దాకా తింటుంది. కాబట్టి అంచు నేలకు 11 అంగుళాల ఎత్తులో, అంటే మడమ నుంచి 165 పిక్సెళ్ల పైన ఉండాలి. ఆమె మోకాలి నడుమ భాగం నేలకు 18 అంగుళాలు, అంటే 270 పిక్సెళ్లు. "మోకాళ్లు దాటుతాదా?" అన్నదానికి జవాబు దొరికింది: దాటి ఏడు అంగుళాలు కిందికి వస్తుంది.

పరికరాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే అంచును మోకాలి కిందనే, 240 పిక్సెళ్ల దగ్గర ఆపేసిందనుకోండి. అది నేలకు 16 అంగుళాలు. ఫోటోలో ఉన్నది 44 అంగుళాల కుర్తీ కాదు, 39 అంగుళాలది. చూడటానికి ఏ లోపమూ ఉండదు. పార్సిల్ విప్పి వేసుకున్నాక మాత్రం, ఐదంగుళాలు కిందికి దిగిన కుర్తీని చూసి కొన్నామె "మాకు పంపింది వేరేది" అంటుంది. ఆమె తప్పేమీ లేదు. అందుకే మాస్క్ అడుగు గీతను 165 దగ్గర మీరే గీయండి. చేతుల పొడవుకూ ఇదే పద్ధతి. భుజం కుట్టు నుంచి 17 అంగుళాల చెయ్యి అంటే 255 పిక్సెళ్లు, మోచెయ్యి దాటి ఎక్కడ ఆగుతుందో చూసి అక్కడికి గీయాలి. సైడ్ కట్స్ ఉన్న కుర్తీ అయితే కట్ మొదలయ్యే చోటును కూడా కొలిచి గుర్తుపెట్టుకోండి. కట్‌ను గుర్తులేకుండా మూసేయడం ఈ పరికరాలకు బాగా అలవాటు.

పొడవు సులువే. వెడల్పు దగ్గరే చాలామంది తికమకపడతారు. కుర్తీ చెస్ట్ చుట్టుకొలత 42, మోడల్‌ది 36. నేల మీద పరిస్తే కుర్తీ 21 అంగుళాల వెడల్పు ఉంటుంది, ఫోటో లెక్కలో 315 పిక్సెళ్లు. మాస్క్‌ను అంత వెడల్పుగా గీస్తే మోడల్ దుప్పటి కప్పుకున్నట్టు కనిపిస్తుంది. ఒంటి మీదికి వచ్చాక గుడ్డ చుట్టూ తిరుగుతుంది, ఎదురుగా కనిపించేది కొంతే. మోడల్ చేతులు వదిలేసి ఛాతీ దగ్గర ఎదుటి వెడల్పు 12 అంగుళాలుంటే, దాన్ని 42తో హెచ్చించి 36తో భాగించండి: 14 అంగుళాలు, అంటే 210 పిక్సెళ్లు. దానికి మించి గీయవద్దు. నిజానికి వదులు గుడ్డ చుట్టూ సమానంగా ఉబ్బదు, చంకల కింద, వెనక వైపు జారి మడతలు పడుతుంది, కాబట్టి కొంచెం తగ్గినా తప్పు లేదు.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. ఇదే మోడల్ మీద 38 కుర్తీకీ 42 కుర్తీకీ చుట్టుకొలతలో తేడా 4 అంగుళాలు. ఎదురుగా చూస్తే ఒక్కో పక్కన అది అంగుళంలో మూడింట రెండు వంతులకు మించదు, ఫోటోలో మహా అయితే పది పిక్సెళ్లు. కంటికి ఆనదు. మరి వదులు ఎక్కడ కనిపిస్తుంది? భుజం కుట్టు దగ్గర. చిన్న సైజుకు కుట్టు భుజం ఎముక చివర కూర్చుంటుంది, పెద్ద సైజుకు చేతి మీదికి జారుతుంది. తర్వాత చంక కింద ఏటవాలు మడతల్లో. టైలర్లు ట్రయల్ చూసేటప్పుడు కళ్లు పెట్టేది ఈ రెండు చోట్లే. ఫోటోలో భుజం కుట్టు ఎముక మీదే ఉండి, చంక కింద ఒక్క మడత లేకుండా నున్నగా ఉంటే, పరికరం మీ ఎల్ కుర్తీని ఆమె కొలతకు కుట్టేసిందని అర్థం. చంకల దగ్గర ఎలా ఉంటాదని అడిగినామెకు ఆ ఫోటో చెప్పేది అబద్ధం.

గుడ్డ మీద అచ్చు పూలుంటే మీకు ఇంకో కొలబద్ద చేతిలో ఉన్నట్టే. ముందు మెడ లోతు 7 అంగుళాలు పోగా, మెడ అడుగు నుంచి అంచు దాకా 37 అంగుళాలు. నాలుగు అంగుళాలకో పూల వరస ఉంటే తొమ్మిది వరసలు పడతాయి. అసలు కుర్తీ మీద వేలు పెట్టి లెక్కపెట్టండి, తర్వాత తయారైన ఫోటోలో లెక్కపెట్టండి. ఫోటోలో ఆరో ఏడో వచ్చాయంటే పరికరం పూలను పెద్దవి చేసింది. పూలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగితే గుడ్డను పక్కల నుంచి నొక్కింది. సరైన ఫోటోలో నడుమ పూలు గుండ్రంగానే ఉండి, పక్కలకు పోయేకొద్దీ సన్నబడి మలుపు తిరుగుతాయి. చూపించే అందం ఎంతున్నా, వరసలు తప్పిన ఫోటోను పక్కన పడేయండి. కొన్నామె కూడా ఒక్కోసారి లెక్కపెడుతుంది.

ఇక గుడ్డ పడే తీరు. పరికరం మడతలను లెక్కగట్టదు, నేర్చుకున్న ఫోటోల నుంచి గుర్తుతెచ్చుకుని వేస్తుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే VITON-HD అనే ఫోటోల సంచయంలో 13,679 జతలున్నాయి. అన్నీ ఎదురుగా నిలబడిన స్త్రీలు, నడుము పైన వేసుకునే పాశ్చాత్య టాపులు. అందులో గంజి పెట్టిన నూలు గుడ్డ ఎక్కడుంటుంది? అందుకే మంగళగిరి కాటన్ కుర్తీని ఇస్తే, అది రేయాన్‌లా కిందికి జారిపడే మడతలతో తిరిగి వస్తుంది.

మీ గుడ్డ ఎలా పడుతుందో ముందు మీకు తెలిసుంటేనే ఆ తేడాను పట్టుకోగలరు. 1960లలో కుసిక్ అనే ఆయన బాగా వ్యాప్తిలోకి తెచ్చిన పరీక్ష ఒకటి బట్టల ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఉంది. 18 సెంటీమీటర్ల గుండ్రటి పీట మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి గుడ్డ పరుస్తారు. అంచు చుట్టూ వేలాడి మడతలు పడుతుంది. కిందనుంచి వెలుగు వేసి, పైన కాగితం మీద పడిన నీడ ఎంత మేర ఆక్రమించిందో కొలుస్తారు. నీడ పెద్దదైతే గుడ్డ బిరుసు. ఇంట్లో దీనికి సుమారు ఏడంగుళాల స్టీలు డబ్బా, టైలర్ దగ్గర మిగిలిన పన్నెండు అంగుళాల ముక్క చాలు. ముక్కను గుండ్రంగా కత్తిరించి డబ్బా మీద పరిచి, పైనుంచి ఒక ఫోటో తీయండి. మెత్తటి రేయాన్ ముక్క సన్నటి మడతలు ఎక్కువ పడి డబ్బాకు దగ్గరగా వాలుతుంది. గంజి నూలు ముక్క నాలుగైదు వెడల్పు మడతలతో గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కుర్తీ కింది ఘేరాలో ఎలాంటి మడతలు రావాలో కళ్లకు కట్టినట్టుంటుంది.

తయారైన ఫోటోలో నడుము కింద, సైడ్ కట్ పక్కన, మోచేతి మడత లోపల చూడండి. నూలు గుడ్డకు అంచు కొంచెం ఎడంగా నిలవాలి, మోచేతి దగ్గర కోణాలు తేలిన మడతలు రావాలి. రేయాన్‌కు నిలువు మడతలు గుండ్రంగా, అంచు కాళ్లకు ఆనుకుని ఉండాలి. సరిపోకపోతే పరికరంతో మళ్లీ మళ్లీ చేయించండి, ప్రతిసారీ మడతలు వేరుగా వస్తాయి. అలా చేసినా ఫలితం లేకపోతే ఇచ్చే కుర్తీ ఫోటో మార్చండి. నేల మీద పరిచిన ఫోటో బదులు షాపు బొమ్మకు తొడిగిన ఫోటో ఇస్తే, గుడ్డ బిరుసుతనం గురించి పరికరానికి కొంత ఆచూకీ దొరుకుతుంది. వెలుగు ఒకే పక్క నుంచి రావాలి. మోడల్ ముఖం మీద కిటికీ వెలుగు ఎడమ నుంచి పడి, కుర్తీ మడతల నీడ కూడా ఎడమకే పడితే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్లు అది అతికించిందని పట్టేస్తారు.

ఇంత చేసినా ఆ ఫోటో చెప్పేది 5 అడుగుల 4 అంగుళాలున్న, 36 చెస్ట్ ఉన్న ఒకామె సంగతే. 2023 జూన్‌లో గూగుల్ అమెరికాలో స్త్రీల టాపులకు ఈ సదుపాయం తెచ్చినప్పుడు ఎక్స్ ఎక్స్ ఎస్ నుంచి ఫోర్ ఎక్సెల్ దాకా రకరకాల ఒళ్లున్న అసలు మనుషుల ఫోటోలు తీసి పెట్టింది. మన దుకాణానికి అన్ని అక్కర్లేదు. పొట్టిగా ఒకరు, పొడుగ్గా ఒకరు, బొద్దుగా ఒకరు ఉంటే వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది. ప్రతి ఒక్కరికీ వేరే లెక్క కట్టాలి, అంగుళానికి పిక్సెళ్లు వేరు, మోకాలు వేరు. వాళ్ల ఫోటో ఎన్నాళ్లు, ఎన్ని బట్టలకు వాడతారో కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. ఉద్యోగం మానేశాక కూడా తన ముఖం మీద రోజుకో కుర్తీ వస్తుంటే ఆ అమ్మాయి అడగదా?

ఫోటో కింద రాయాల్సింది రాయండి. "మోడల్ ఎత్తు 5'4", చెస్ట్ 36. కుర్తీ ఎల్: చెస్ట్ 42, పొడవు 44, భుజం 15.5, చెయ్యి 17. ఫోటో కంప్యూటర్‌తో తయారుచేసింది, కొలతలు టేపుతో తీసినవి." ఇది మర్యాద కోసమే కాదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలి. సరిపోని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనడానికి వీల్లేదు. పనిలో పనిగా, వాడే పరికరం లైసెన్సు కూడా చదవండి. IDM-VTON, CatVTON లాంటి పేరున్న ఉచిత పరికరాలను వ్యాపారానికి వాడకూడదన్న షరతు మీదే విడుదల చేశారు. నేర్చుకోవడానికి వాటిని వాడుకోండి, దుకాణానికి మాత్రం వ్యాపార అనుమతి ఉన్నదాన్ని డబ్బు కట్టి తీసుకోండి.

నెల్లూరు సీమలో ఈ అధ్యాయం చదివేవాళ్లలో సగం మంది చీర గురించి అడుగుతారు. పాటూరు చీర, వెంకటగిరి జాందానీ చీర ఇలా చూపించవచ్చా అని. వద్దు. కుర్తీకి ఆకారం కుట్టులోనే ఉంది, చీరకు కట్టులో ఉంది. ఐదున్నర మీటర్ల గుడ్డలో ఏ భాగం కుచ్చిళ్లలోకి పోతుందో, ఏది భుజం మీదికి వస్తుందో పరికరానికి తెలియదు. పరిచిన చీర ఫోటో ఇస్తే అంచును కుచ్చిళ్ల మధ్యలో తెంపేస్తుంది, పల్లూలో ఉండాల్సిన నెమలిని నడుము మీదికి తెస్తుంది, బుటాలు ఎన్ని పడితే అన్ని వేస్తుంది. చేత్తో ఒక్కో బుటా పెట్టి నేసిన చీరకు అది అన్యాయం. చీరను ఒక మనిషికి కట్టించి, పగటి వెలుగులో మూడు ఫోటోలు తీయండి: నిలువెత్తున ఒకటి, పల్లూ విప్పి ఒకటి, అంచు దగ్గరగా ఒకటి. కట్టడానికి పది నిమిషాలు పడుతుంది.